నార్మల్ ఫోర్స్ ‘సాధారణ బలం’ కాదు: పేజీ ఫొటో నుంచి రెండు భాషల నోట్స్ దాకా

ఫిజిక్స్ పుస్తకంలో వర్క్, ఎనర్జీ, పవర్ అధ్యాయం తెరిస్తే ఇలాంటి వాక్యం ఒకటి ఎక్కడో అక్కడ కనిపిస్తుంది.

```
The normal force does no work on the block.
```

దీన్ని మాటకు మాట పెట్టి తెలుగు చేస్తే "సాధారణ బలం దిమ్మె మీద పని చేయదు" అని వస్తుంది. వ్యాకరణం తప్పు లేదు, చదివితే అర్థమైనట్టే ఉంటుంది. కానీ ఒక్క వాక్యంలో రెండు చోట్ల కొంప మునిగింది. ఇక్కడ నార్మల్ అంటే మామూలు అని కాదు, తలానికి లంబంగా ఉన్నది అని. తెలుగు మీడియం పుస్తకాల్లో దాన్ని అభిలంబ బలం అంటారు. ఇక "పని చేయదు" అనగానే చెడిపోయిన ఫ్యాను గుర్తుకొస్తుంది. నిజానికి ఆ బలానికి ఏమీ కాలేదు, దిమ్మెను కింద నుంచి మోస్తూనే ఉంది. దిమ్మె అడ్డంగా జరుగుతోంది, బలం పైకి ఉంది, అందుకే ఆ బలం చేసిన వర్క్ లెక్క సున్నాకు వస్తుంది.

ఇంగ్లిష్ పుస్తకం పేజీలు ఫొటో తీసుకుని తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్లకు అసలు చిక్కు ఇదే. పరిభాషను ఇంగ్లిష్‌లోనే ఉంచాలని చాలామంది అనుకుంటారు, కానీ ఏ మాట పరిభాష, ఏ మాట మామూలు మాట అన్నది తేల్చుకోకుండా మొదలుపెడతారు. అప్పుడు ఒక పేజీలో అన్నీ తెలుగైపోతాయి, మరో పేజీలో క్రియాపదాలు తప్ప అన్నీ ఇంగ్లిష్‌గానే ఉండిపోతాయి. ఈ వ్యాసంలో ఆ ఒక్క అధ్యాయాన్నే ఉదాహరణగా పెట్టుకుని, ఫొటో దగ్గర నుంచి నోట్స్ దాకా ఎక్కడెక్కడ తేడా కొడుతుందో చూద్దాం.

ముందు ఫొటో సంగతి. బొమ్మలోని అక్షరాలను టైపు చేసిన పాఠ్యంగా మార్చే ఓసీఆర్ ప్రోగ్రాములకు అంగుళానికి సుమారు 300 పిక్సెళ్లు ఉంటే సౌకర్యం. 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పేజీకి ఆ లెక్కన 2126 అడ్డంగా, 2835 నిలువుగా కావాలి. 4000కు 3000 పిక్సెళ్ల ఫొటో తీసే ఫోను ఒక పేజీకి బాగా సరిపోతుంది. ఎదురెదురు పేజీలు రెండూ ఒకే ఫొటోలో పడితే మాత్రం వెడల్పు 36 సెంటీమీటర్లవుతుంది, అంగుళానికి 282 పిక్సెళ్లే మిగులుతాయి. అదీ ఫ్రేమంతా పేజీలతో నిండితేనే. మధ్యలో పుస్తకం మడత దగ్గర అక్షరాలు వంగడం దీనికి అదనం. ఇంతకన్నా పెద్ద నష్టం ఫొటోను మెసేజీ యాపుల్లో పంపించుకున్నప్పుడు జరుగుతుంది. పొడవైన వైపును 1600 పిక్సెళ్లకు కుదిస్తే అదే పేజీ అంగుళానికి 169కి పడిపోతుంది. పెద్ద అక్షరాలు అప్పటికీ చదవడానికి వస్తాయి, పోయేవి చిన్న ఘాతాంకాలూ గ్రీకు అక్షరాలే. స్నేహితుల దగ్గర నుంచి పేజీలు తెప్పించుకుంటే ఫొటోగా కాకుండా ఫైలుగా పంపమనడం మంచిది.

ఓసీఆర్‌కు ఉచితంగా దొరికే టెస్సరాక్ట్ చాలు. 1985 నుంచి 1994 మధ్య హ్యూలెట్ ప్యాకార్డ్‌లో తయారై, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ప్రోగ్రామ్ ఇది. పేజీ పాఠ్యాన్నీ, ఒక్కో మాటను ఎంత నమ్మకంతో చదివిందో చెప్పే పట్టికనూ ఒకేసారి ఇవ్వమని ఇలా అడగవచ్చు.

```
tesseract page112.png page112 -l eng txt tsv
```

ఆ పట్టికలో ప్రతి మాటకూ 100లోపు ఒక అంకె ఉంటుంది. తక్కువ అంకె వచ్చిన మాటలను పేజీతో పోల్చి చూసుకుంటే మామూలు అక్షర దోషాలు చాలావరకు దొరికిపోతాయి. పేజీ అంచున బాక్సులో ఉన్న అదనపు సమాచారం ఒక్కోసారి అసలు పేరాలోకి చొరబడుతుంది. అలాంటి బాక్సును విడిగా కత్తిరించి చదివించడమే సులువు.

అసలు ప్రమాదం తప్పుగా కనిపించని తప్పుతో వస్తుంది. మన అధ్యాయంలో పేజీ మీద ఉన్న సూత్రం ఇది.

```
W = F d cos θ
```

θ నడుమ ఉన్న గీత ఫొటోలో పలచబడితే అది సున్నాలా కనిపిస్తుంది. పైగా ఇంగ్లిష్ ఒక్కటే చదవమని చెప్పిన ప్రోగ్రామ్ గ్రీకు అక్షరాన్ని ఆశించదు, తనకు తెలిసిన వాటిలో దగ్గరగా ఉన్నదాన్ని పెట్టేస్తుంది. అప్పుడు పాఠ్యం ఇలా బయటికొస్తుంది.

```
W = F d cos 0
where 0 is the angle between force and displacement
```

ఇందులో తమాషా ఏమిటంటే cos 0 కూడా సూత్రంగా చెల్లుతుంది, దాని విలువ 1. అంటే ఏ కోణంలో లాగినా వర్క్ బలం ఇంటూ దూరమే అని నోట్స్ చెబుతుంది. అక్షర దోషాలు వెతికే సాధనం దీన్ని పట్టుకోదు. నమ్మకం అంకె కూడా ఎక్కువే ఉండొచ్చు, ఎందుకంటే సున్నా అన్నది దానికి బాగా తెలిసిన ఆకారం. వేగానికి వర్గం గుర్తుగా ఉన్న చిన్న 2 కూడా ఇలాగే జారిపోతుంది, `v²` కాస్తా `v2` అయి రెండో వేగంలా కనిపిస్తుంది.

అందుకని సూత్రాల విషయంలో ఓసీఆర్‌ను నమ్మకపోవడమే మంచిది. వాటిని చేత్తో టైపు చేయాలి, లేదా పేజీలో ఆ ముక్కను బొమ్మగా కత్తిరించి నోట్స్‌లో అతికించాలి. ఒక అధ్యాయానికి పదో పదిహేనో సూత్రాలుంటాయి, దానికి పట్టే సమయం పెద్దదేమీ కాదు. టైపు చేసేటప్పుడు ఇంకో చిన్న మెలిక ఉంది. అచ్చు పుస్తకంలో వాలు అక్షరంగా ఉన్న W వర్క్‌కు గుర్తు, నిటారుగా ఉన్న W వాట్‌కు గుర్తు. మామూలు టైపులో ఆ వాలు పోతుంది, రెండూ ఒకటే అవుతాయి. ద్రవ్యరాశికీ మీటరుకూ వాడే m గతీ అంతే. యూనిట్లను వాట్లు, మీటర్లు అని తెలుగు అక్షరాల్లో రాసేస్తే గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏ మాటను ఇంగ్లిష్‌లో ఉంచాలి? పుస్తకం ఏ మాటకు నిర్వచనం ఇచ్చిందో, ఏ మాటకు గుర్తు గానీ యూనిట్ గానీ ఉందో అది పరిభాష. ఈ అధ్యాయంలో ఫోర్స్, డిస్‌ప్లేస్‌మెంట్, వర్క్, కైనెటిక్ ఎనర్జీ, పొటెన్షియల్ ఎనర్జీ, పవర్, ఎఫిషియన్సీ అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. పుస్తకాలు సాధారణంగా మొదటిసారి వచ్చినప్పుడు వీటిని బొద్దు అక్షరాల్లో వేస్తాయి. ఓసీఆర్ ఇచ్చిన పాఠ్యంలో ఆ బొద్దుతనం ఉండదు కాబట్టి, పేజీ బొమ్మను పక్కన పెట్టుకుని ఆ మాటల జాబితా ముందే రాసుకోవాలి. ఈ పని చివరికి వాయిదా వేస్తే ఒకే మాట మూడు చోట్ల మూడు రకాలుగా తయారవుతుంది.

తెలుగులో పారిభాషిక పదాలు లేవా అంటే ఉన్నాయి, చాలా చక్కగా ఉన్నాయి. స్పీడ్‌కు వడి, వెలాసిటీకి వేగం, పవర్‌కు సామర్థ్యం, ఎఫిషియన్సీకి దక్షత. పాఠ్యపుస్తకంలో ఇవి ఒకదాంతో ఒకటి కలవకుండా నిలబడతాయి. చిక్కు ఎక్కడంటే, ఇంట్లో మాట్లాడే తెలుగు వీటిని అలా విడదీయదు. "బండి ఎంత వేగంగా పోతోంది" అన్నప్పుడు దిశ సంగతి ఎవరికీ పట్టదు, అక్కడ వేగం అంటే స్పీడే. సామర్థ్యం సంగతి ఇంకా ఘోరం. పవర్‌కూ అదే, కెపాసిటీకీ అదే, మాటల్లో ఎఫిషియన్సీకీ అదే.

ఒక లెక్కతో చూస్తే తేడా బయటపడుతుంది. ఒక మోటారు 50 కిలోల బరువును 20 సెకన్లలో 12 మీటర్ల ఎత్తుకు లేపింది. గురుత్వ త్వరణం 9.8 తీసుకుంటే జరిగిన వర్క్ 50 ఇంటూ 9.8 ఇంటూ 12, అంటే 5880 జౌళ్లు. దాన్ని 20 సెకన్లతో భాగిస్తే పవర్ 294 వాట్లు. ఆ సమయంలో మోటారు 420 వాట్ల కరెంటు తీసుకుందనుకుంటే ఎఫిషియన్సీ 70 శాతం. ఇదే సమాచారాన్ని వాడుక తెలుగులోకి దించితే "మోటారు సామర్థ్యం 294 వాట్లు, దాని సామర్థ్యం 70 శాతం" అనే వాక్యం పుడుతుంది. రాసినవాళ్లకు రాసిన రోజున తేడా తెలుసు. రెండు నెలల తర్వాత పరీక్ష ముందు తిరగేసినప్పుడు తెలియదు.

అలాగని అదే ఇంగ్లిష్ మాట కనిపించిన ప్రతిచోటా ఉంచేయకూడదు. పదికి ఇంత పవర్ అని వచ్చినచోట అది ఘాతం, వాట్లతో సంబంధం లేదు. "ఈ పద్ధతి ఎప్పుడు వర్క్ అవుతుంది" అన్న అర్థంలో పుస్తకం ఆ మాట వాడితే అది మామూలు క్రియే, తెలుగులో పెట్టేయాలి. కన్సర్వేటివ్ ఫోర్స్ దగ్గర దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. అక్కడ మాట మామూలుగా కనిపిస్తుంది, కానీ పరిభాష. దాన్ని "సంప్రదాయ బలం" చేస్తే పాతకాలపు బలం ఏదో ఉందనుకోవాలి. తెలుగు పుస్తకాల్లో అది నిత్యత్వ బలం. మొదట్లో చూసిన నార్మల్ ఫోర్స్ కూడా ఈ కోవదే. నిఘంటువులో చూడనక్కర్లేదని ధీమాగా ఉండే మాటలే ఎక్కువ ముంచుతాయి, ఎందుకంటే తెలియని మాట దగ్గర ఎవరైనా ఆగుతారు.

రెండో చివర ఇంకో జబ్బు ఉంది. పరిభాష ఉంచమన్నారు కదా అని ఇలా రాసేవాళ్లు ఉన్నారు: "బాడీ మీద కాన్‌స్టంట్ ఫోర్స్ అప్లై చేస్తే ఫోర్స్ డైరెక్షన్‌లో డిస్‌ప్లేస్‌మెంట్ ప్రొడ్యూస్ అవుతుంది." ఇది తెలుగు నోట్స్ కాదు, ఇంగ్లిష్ వాక్యానికి తెలుగు తోక. ఇక్కడ ఫోర్స్, డిస్‌ప్లేస్‌మెంట్ రెండే ఉండాల్సినవి. మిగతావి "వస్తువు", "మారని", "దిశలో", "జరుగుతుంది" అని హాయిగా తెలుగులోకి వస్తాయి. ఆ మాటలను తెలుగులో వెతుక్కునేటప్పుడే రాసేవాళ్లు వాక్యం ఏం చెబుతోందో ఆలోచిస్తారు. అప్లై, ప్రొడ్యూస్ అని అలాగే ఎత్తి రాస్తే ఆ ఆలోచన జరగకుండానే పేజీ నిండుతుంది.

ఉంచిన మాటను ఏ లిపిలో రాయాలన్నది మరో తగాదా. ఈ వ్యాసంలో లాగా చదవడానికి రాసే పాఠ్యంలో తెలుగు లిపి బాగుంటుంది. స్టడీ నోట్స్‌లో మాత్రం పరిభాషను పుస్తకంలో ఉన్న స్పెల్లింగ్‌తోనే, ఇంగ్లిష్ లిపిలో టైపు చేయడం మేలు. ఎఫిషియన్సీ అని ఒకరోజు, ఎఫీషియెన్సీ అని మరోరోజు రాస్తే ఫైల్లో వెతికినప్పుడు సగం దొరకవు. పరీక్షలో ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే స్పెల్లింగ్ కూడా అప్పటికే కంటికి అలవాటై ఉంటుంది.

తెలుగు లిపిలోనే రాస్తామనేవాళ్లు ఒక అక్షరం సంగతి తెలుసుకోవాలి. వర్క్ పక్కన "లో" చేరిస్తే కీబోర్డు రెండింటినీ కలిపి "వర్క్లో" అని ఒత్తు పెట్టేస్తుంది. పొల్లు తర్వాత కంటికి కనబడని జెడ్‌డబ్ల్యుఎన్‌జే అక్షరం, యూనికోడ్‌లో `U+200C`, పెడితే "వర్క్‌లో" అని విడిగా నిలుస్తుంది. చాలా తెలుగు కీబోర్డుల్లో దీనికి ఒక మీట ఉంటుంది. కొన్ని ప్రోగ్రాముల్లో ఈ కనబడని అక్షరం ఉన్న మాట, లేని మాట వెతుకులాటలో వేర్వేరుగా లెక్కకొస్తాయి. కాబట్టి ఏదో ఒక పద్ధతికి కట్టుబడాలి. ఇంగ్లిష్ లిపిలో రాస్తే ఈ బెడద లేదు. మాట తర్వాత ఒక ఖాళీ వదిలి విభక్తి రాస్తే సరిపోతుంది. కి రావాలా, కు రావాలా అన్నది స్పెల్లింగ్ కాదు, పలుకుబడి చెబుతుంది. ఫోర్స్ చివర e ఉన్నా నోటికి వినిపించేది సకారమే కదా.

ఇక పేజీని నోట్స్‌గా మార్చడం. ప్రతి వాక్యానికీ ఎదురుగా అనువాదం పెట్టి రెండు వరసల్లో రాయడం చూడటానికి బాగుంటుంది, వాడకంలో దండగ. చదివేవాళ్లు తెలుగు వరస ఒక్కటే చదివి ఇంగ్లిష్ వరసను వదిలేస్తారు. దానికన్నా నిర్వచనం వాక్యాన్ని మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉంచి, కింద తెలుగులో సొంత మాటల్లో వివరణ రాసి, పేజీ నంబరు వేసుకుంటే రెండు భాషలకూ వేర్వేరు పని దొరుకుతుంది. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది.

```
Power  [పేజీ 112]
Power is the rate at which work is done.  P = W/t
ఒక్కో సెకనుకు ఎంత work జరిగిందో చెప్పేది power.
రెండు మోటార్లు ఒకే work చేసినా, తక్కువ సమయంలో
ముగించిన దానికే power ఎక్కువ. యూనిట్: వాట్.
ఘాతం అనే అర్థంలో వచ్చే power వేరు.
```

వివరణలో "రేటు" అన్న మాటే లేకపోవడం గమనించండి. రేటు అనగానే ధర గుర్తుకొస్తుంది. "ఒక్కో సెకనుకు ఎంత" అంటే భాగహారం కంటికి కనిపిస్తుంది, సూత్రం అక్కడి నుంచే పుడుతుంది. నార్మల్ ఫోర్స్ వాక్యం కూడా ఇదే పద్ధతిలో "normal force దిమ్మె కదిలే దిశకు లంబంగా ఉంది, అందుకే అది చేసిన work సున్నా" అవుతుంది. మూలంలో లేని "అందుకే" ఇక్కడ చేరింది. కారణం పుస్తకంలో రెండు పేరాల ముందు ఉంటుంది, నోట్స్‌లో అది పక్కనే ఉండాలి.

అనువాదంలో మాటలకన్నా షరతులు తేలిగ్గా జారిపోతాయి. నాన్ కన్సర్వేటివ్ బలాలు చేసిన మొత్తం వర్క్ సున్నా అయితేనే మెకానికల్ ఎనర్జీ మారకుండా ఉంటుంది అని పుస్తకం చెబుతుంది. ఈ వాక్యంలో బరువంతా "అయితేనే" చివరి "నే" మోస్తోంది. తొందరలో "అయితే" అని రాసేస్తే, వేరే సందర్భాల్లో కూడా మారకుండా ఉండొచ్చనే అర్థానికి తలుపు తెరుచుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఓన్లీ, అన్‌లెస్, అట్ మోస్ట్ అని విడి మాటలుగా ఉండేవి తెలుగులో చాలాసార్లు ఒక్క అక్షరంలో ఇమిడిపోతాయి. కాబట్టి పేజీలో అవి ఎక్కడున్నా పెన్సిలుతో గీత గీసుకుని, నోట్స్‌లో ఆ అక్షరం ఉందో లేదో చూసుకోవాలి.

నోట్స్ సరిగ్గా వచ్చిందా లేదా అని తేల్చడానికి మళ్లీ చదవడం పెద్దగా ఉపయోగపడదు. రాసినవాళ్ల కన్ను తాను రాయాలనుకున్నదే చదువుతుంది. పుస్తకం మూసి, నోట్స్ ఒక్కటే ముందు పెట్టుకుని, అదే అధ్యాయంలో పుస్తకం చేసి చూపించిన లెక్కను మళ్లీ చేయడం మంచి పరీక్ష. పెట్టెను 20 న్యూటన్ల బలంతో, నేలకు 60 డిగ్రీల కోణంలో తాడు పట్టి 5 మీటర్లు లాగారనుకుందాం. cos 60 విలువ సగం కాబట్టి వర్క్ 50 జౌళ్లు రావాలి. నోట్స్‌లో cos 0 మిగిలిపోయి ఉంటే 100 వస్తుంది. సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే లెక్క చేసిన చేతిని అనుమానించే ముందు సూత్రం దగ్గరికి వెళ్లి, ఆ సున్నా మధ్యలో గీత ఉండేదేమోనని పేజీ ఫొటోను పెద్దది చేసి చూడాలి.

మాటల వైపు పరీక్ష ఇంకో రకం. ముందు రాసుకున్న జాబితాలోని ఒక్కో పదాన్నీ ఫైల్లో వెతకాలి. అది అసలు కనిపించకపోతే ఎక్కడో తెలుగైపోయిందన్నమాట. తర్వాత అనుమానం ఉన్న తెలుగు మాటలను వెతకాలి.

```
grep -n "సామర్థ్యం\|వేగం\|సాధారణ\|పని చే" notes.txt
```

దొరికిన ప్రతి వరుసలోనూ ఆ మాట మామూలు అర్థంలో ఉందా, పరిభాష బదులు వచ్చి కూర్చుందా అని చూడాలి. "పని చే" అన్నది జాబితాలో పెట్టడం చాదస్తంలా అనిపించవచ్చు. పెట్టినవాళ్లకు నార్మల్ ఫోర్స్ ఎన్ని చోట్ల చెడిపోయిన ఫ్యానై కూర్చుందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.